ప్లేట్‌లెట్ల అంకె ఒకటి, నెత్తురు కారడం ఇంకొకటి: ఐటీపీతో నా అనుభవం

ఐటీపీ ఉన్నదని తేల్చి చెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు. ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా అనే ఈ జబ్బులో మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే మన ప్లేట్‌లెట్లను పరాయివిగా భావించి వాటికి యాంటీబాడీలను అంటిస్తుంది, అలా గుర్తుపడ్డ ప్లేట్‌లెట్లను ఎక్కువగా తిల్లి, అంటే ప్లీహం, పట్టుకొని నాశనం చేస్తుంది, ఎముక మజ్జ కొత్తవాటిని తయారు చేస్తున్నా ఆ నష్టాన్ని పూడ్చలేకపోతుంది. ఇంత స్పష్టంగా తెలిసిన విషయానికి ఒక పరీక్ష ఎందుకు లేదని నేను మొదట్లో చాలాసార్లు అడిగాను. యాంటీబాడీలను వెతికే పరీక్షలు ఉన్నాయి గాని, జబ్బు నిజంగా ఉన్నవాళ్లలో కూడా చాలామందికి అవి నెగెటివ్‌గా వస్తాయి కాబట్టి వాటి మీద ఆధారపడి ఔననీ కాదనీ అనలేరు. అందువల్ల ప్లేట్‌లెట్లు లక్ష కంటే తక్కువ ఉండి, మిగతా రక్తకణాలు సరిగ్గా ఉండి, తగ్గడానికి వేరే కారణం ఏదీ దొరకనప్పుడు మాత్రమే డాక్టర్లు ఈ పేరు పెడతారు. ఆ "వేరే కారణం ఏదీ" అన్న మాటలోనే అసలు పని అంతా ఉన్నది.

నేను నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పాఠాలు చెబుతాను, మా కాపురం మిర్యాలగూడలో. భాద్రపదంలో ఒకనాడు రెండు కాళ్ల మీద మోకాళ్ల కింద ఎర్రని సన్న చుక్కలు కనిపించాయి. దురద లేదు, నొప్పి లేదు, వేలితో అదిమిపట్టినా అవి మాయం కాలేదు. దోమకాటు దద్దురైతే అదిమినప్పుడు తెల్లబడుతుంది. చర్మం కింద నెత్తురు చిమ్మితే వచ్చే చుక్క అట్లా తెల్లబడదు. తొడల మీద ఎక్కడా తగిలిన జ్ఞాపకం లేకుండానే కమిలిన మచ్చలు ఉన్నాయి, ఆ నెల బహిష్టు కూడా మామూలు కంటే ఎక్కువ రోజులు సాగింది. ల్యాబులో రక్తం ఇస్తే ప్లేట్‌లెట్లు 11 వేలు అని వచ్చింది. మామూలుగా 1.5 లక్షల నుంచి 4.5 లక్షల మధ్య ఉండాలి.

వానలు పడి వెనుకబట్టిన ఆ రోజుల్లో మా దిక్కు ప్లేట్‌లెట్లు తగ్గాయంటే అందరి నోటా ఒకటే మాట, డెంగీ. మొదట చూపించుకున్న ఆసుపత్రిలోనూ అదే అనుకున్నారు. కాని నాకు అంతకు ముందు జ్వరం రాలేదు, ఒళ్లు నొప్పులు లేవు. డెంగీలో ప్లేట్‌లెట్లు సాధారణంగా జ్వరం మొదలైన మూడు నాలుగు రోజుల తర్వాత, జ్వరం తగ్గే సమయానికి పడిపోతాయి, మళ్లీ వారం పది రోజుల్లో వాటంతట అవే లేస్తాయి. జ్వరమే లేకుండా 11 వేలకు దిగడం ఆ లెక్కకు కుదరదు. డెంగీ పరీక్షలు, మలేరియా పరీక్ష నెగెటివ్‌గా వచ్చాయి. అయినా అంకెను చూసి భయపడి నాలుగు ప్యాకెట్ల ప్లేట్‌లెట్లు ఎక్కించారు. ఎక్కించిన కాసేపటికి 15 వేలు అయి, తెల్లవారేసరికి 9 వేలకు వచ్చింది. ఐటీపీలో జరిగేది అదే, ఎవరి ప్లేట్‌లెట్లైనా ఒంట్లోకి రాగానే వాటికీ అదే గతి పడుతుంది. ప్రాణాపాయమైన రక్తస్రావం ఉన్నప్పుడు తప్ప, కేవలం అంకె పెంచడానికని ఈ జబ్బులో ప్లేట్‌లెట్లు ఎక్కించరని నాకు తర్వాత తెలిసింది. నిలబడలేదన్న ఆ ఫలితం మాత్రం కొంత పనికి వచ్చింది. తయారీ తక్కువై ఉంటే ఎక్కించినవి కొంతకాలమైనా ఉండేవి కాబట్టి, ఎక్కడో నాశనమవుతున్నాయన్న అనుమానానికి అది బలమిచ్చింది.

హైదరాబాదులో రక్త జబ్బులు చూసే హెమటాలజిస్ట్ గారి దగ్గరికి వెళ్లినప్పుడు ఆమె నా రిపోర్టుల కట్టను పక్కన పెట్టి, మళ్లీ రక్తం తీయించారు. ఈసారి ఊదా మూత ట్యూబుతో పాటు నీలం మూత ట్యూబులో కూడా తీశారు. మేమెవరం ఊహించని కారణం ఒకటి దాని వెనుక ఉన్నది. ఊదా మూత ట్యూబులో నెత్తురు గడ్డకట్టకుండా ఉండేందుకు వేసే ఈడీటీఏ అనే రసాయనం కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అతుక్కునేట్టు చేస్తుంది. గుంపును యంత్రం ప్లేట్‌లెట్‌గా గుర్తించదు, అంకె తక్కువ చూపుతుంది. మనిషికి జబ్బేమీ ఉండదు, తప్పంతా ట్యూబులోనే. అట్లాంటివారికి ఏళ్ల తరబడి మందులు వాడిన సందర్భాలు కూడా ఉన్నాయని ఆమె చెప్పారు. నీలం మూత ట్యూబులో సిట్రేట్ ద్రవం ఉంటుంది, అది రక్తాన్ని కొంచెం పలుచన చేస్తుంది గనుక వచ్చిన అంకెను 1.1తో గుణించాలి. నాది అక్కడా 11 వేలు, గుణిస్తే 12 వేలు వచ్చింది. అంటే తగ్గుదల నిజమే.

తర్వాత ఆమె స్వయంగా మైక్రోస్కోపు ముందు కూర్చొని స్లైడు చూశారు. నేను అడిగానని నన్నూ చూడమన్నారు. గులాబీ రంగు ఎర్రకణాల మధ్య అక్కడొకటి అక్కడొకటిగా ఊదారంగు చుక్కలు ఉన్నాయి, వాటిలో కొన్ని ఎర్రకణంలో సగానికి పైగా పెద్దవి. "ఇవి కొత్తగా పుట్టినవి, మజ్జ పనిచేస్తున్నదని అర్థం" అన్నారు. ఆమె ముఖ్యంగా వెతికింది మాత్రం ప్లేట్‌లెట్లను కాదు, ఎర్రకణాల ముక్కలను. ఎర్రకణాలు చిట్లిన ముక్కలు కనిపిస్తే టీటీపీ అనే మరో జబ్బును అనుమానించాలి. అందులో సన్న రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడుతూ ప్లేట్‌లెట్లు ఖర్చవుతాయి, గంటల మీద ప్లాస్మా మార్పిడి మొదలుపెట్టకపోతే ప్రాణం పోతుంది. పేర్లలో తేడా ఒక్క అక్షరమే అయినా చికిత్స పూర్తిగా వేరు. ముక్కలు లేవు, రక్త క్యాన్సర్‌లో కనిపించే పసికణాలు లేవు, తెల్లకణాల లెక్కా రూపమూ సరిగ్గా ఉన్నాయి. ఒక్క గాజు పలక మీద ఇన్ని "కాదు"లు ఒకేసారి తేలాయి. ఇంత ఖర్చు పెట్టిన పరీక్షలన్నిటిలోకీ అతి చవకైన ఆ స్లైడే ఎక్కువ చెప్పిందని నా అభిప్రాయం.

ఇక ప్రశ్నలు. ఈ మధ్య ఏ మాత్రలు మింగారు? మలేరియాకని క్వినైన్ గాని, ఫిట్స్ మందు గాని, సల్ఫా మాత్రలు గాని, టీబీ మందు గాని వాడారా? పసరు మందు, నాటు మందు ఏదైనా? ఇంట్లో ఎవరికైనా చిన్నప్పటి నుంచి ప్లేట్‌లెట్లు తక్కువా? ఈ చివరి ప్రశ్నకు జవాబు మా అమ్మ దాచిన ప్లాస్టిక్ కవరులో దొరికింది. నా రెండో కాన్పు నాటి రిపోర్టులో ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు అని ఉన్నది. పుట్టుకతో వచ్చే తగ్గుదల ఉన్నవారికి అంత అంకె ఎన్నడూ ఉండదు గనుక ఆ పాత కాగితంతో ఒక పెద్ద గుంపు జబ్బులు పక్కకు జరిగాయి. పొట్ట తడిమి తిల్లి పెరగలేదని చూశారు. తిల్లి పెద్దదైతే కాలేయం జబ్బు, లింఫోమా అనే క్యాన్సర్ వంటివి వెతకాలి. ఐటీపీలో అది సాధారణంగా పెరగదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, థైరాయిడ్, బీ12, రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే లూపస్ అనే జబ్బు కోసం ఏఎన్ఏ, గర్భ పరీక్ష చేయించారు. వీటిలో హెపటైటిస్ బీ పరీక్షకు మరో ఉద్దేశం కూడా ఉన్నది. లోపల నిద్రపోతున్న ఆ వైరస్ స్టెరాయిడ్ల వంటి మందులతో విజృంభించగలదు.

ఇవన్నీ తేలేదాకా ఆగకుండా స్టెరాయిడ్ ఇచ్చేస్తే తప్పేమిటని మా ఆయన అడిగారు. డాక్టర్ గారి జవాబు నాకు బాగా గుర్తున్నది. "ఒకవేళ అది రక్త క్యాన్సర్ అయితే స్టెరాయిడ్ దాన్ని కొన్నాళ్లు కప్పిపెడుతుందండీ. అంకె లేస్తుంది, అందరం సంతోషిస్తాం, తర్వాత అసలు జబ్బు తేల్చడం కష్టమవుతుంది. నెత్తురు ఆగకుండా పోతుంటే ఆగను, ఇప్పుడు ఆగే వీలున్నది."

ఎముక మజ్జ పరీక్ష గురించి ఇంట్లో అందరికీ భయమే. నడుము వెనుక ఎముకలోకి సూది దించుతారని విన్నప్పటి నుంచి మా అమ్మ అన్నం సరిగ్గా తినలేదు. అయితే స్లైడు ఇంత నిక్కచ్చిగా ఉన్నప్పుడు, వేరే లక్షణాలు లేనప్పుడు, ఆ పరీక్ష అక్కర్లేదన్నారు. మందుకు లొంగకపోయినా, మిగతా కణాల్లో తేడా వచ్చినా, తిల్లి పెరిగినా అప్పుడు చేస్తామన్నారు. అంటే నా జబ్బు పేరు ఒక రకంగా తాత్కాలికం, ప్రతిసారీ రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లతో పాటు హిమోగ్లోబిన్, తెల్లకణాలు కూడా చూసి ఇంకా అదే పేరు నిలుస్తున్నదా అని సరిచూసుకుంటారు. మందుకు స్పందించడం కూడా ఆ పేరుకు ఒక సాక్ష్యమే.

ఇంతవరకు జబ్బు పేరు సంగతి. నెత్తురు కారే ప్రమాదం సంగతి దీనికి వేరు, నేను ఎక్కువగా నేర్చుకున్నది అక్కడే. 9 వేలు అన్న మాట వినగానే మా బంధువులంతా మెదడులో రక్తస్రావం గురించే మాట్లాడారు. డాక్టర్ గారు మాత్రం అంకె చూసిన తర్వాత టార్చిలైటు తీసి నోరు తెరవమన్నారు. లోపలి చెంపలు, నాలుక కింద, అంగిలి, చిగుళ్లు చూశారు. నోట్లో నెత్తుటి బొబ్బలు ఉన్నాయా, ముక్కులోంచి కారిందా, మూత్రం ఎర్రగా వచ్చిందా, మలం తారులా నల్లగా ఉన్నదా, కొత్తగా తలనొప్పి ఉన్నదా అని అడిగారు. చర్మం మీద మాత్రమే ఉండే చుక్కలు ఒక దశ, నోరు ముక్కు వంటి తడి చోట్ల నెత్తురు కనిపించడం మరో దశ. రెండోది కనిపిస్తే అంకె ఎంతైనా చికిత్స వేగం మారుతుంది. నాకు కాళ్ల మీద చుక్కలే ఉన్నాయి, నోరు శుభ్రంగా ఉన్నది. బహిష్టు మాత్రం రక్తస్రావం కిందే లెక్క గనుక దానికి నెత్తురు కారడం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చారు.

అదే రోజు వరండాలో జడ్చర్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. ఆయనకూ ఐటీపీయే, ప్లేట్‌లెట్లు 26 వేలు, అంటే నాకు రెండింతలకు మించి. కాని డెబ్బై దాటిన వయసు, బీపీ, గుండెకు స్టెంటు వేసినందున రోజూ ఆస్పిరిన్. మలం నల్లగా పోతున్నదని తీసుకొచ్చారు, మనిషి తెల్లగా పాలిపోయి ఉన్నాడు. ఆయన్ను వెంటనే చేర్చుకున్నారు, నన్ను మందు రాసి ఇంటికి పంపారు. అంకెల వరుసలో చూస్తే తలకిందులుగా కనిపించే ఆ నిర్ణయం ప్రమాదం వరుసలో సరైనదే. వయసు, అంతకు ముందు నెత్తురు కారిన చరిత్ర, అదుపులేని బీపీ, కిడ్నీ జబ్బు, రక్తం పలుచబరిచే మందులు, ఇవన్నీ అంకెకు తోడు కూర్చునే విషయాలు. మెదడులో రక్తస్రావం ఐటీపీ ఉన్న పెద్దవాళ్లలో సుమారు నూటికి ఒకరిలో జరుగుతుందని, అది కూడా ఎక్కువగా 20 వేల లోపు, అందులోనూ 10 వేల లోపు ఉన్నవారిలోనేనని చెప్పారు. తక్కువ అంకె ప్రమాదమే, కాదనడం లేదు. ఆ లోపు అంకె ఉన్నవారిలో కూడా చాలామందికి పెద్ద రక్తస్రావం జరగదన్నదే నేను చెప్పదలచింది.

దీనికి ఒక కారణం నేను స్లైడులో చూసిన ఆ పెద్ద చుక్కలే. కొత్తగా పుట్టిన ప్లేట్‌లెట్లు పరిమాణంలో పెద్దవి, చురుకైనవి. కీమో తీసుకుంటున్న మనిషికి మజ్జ ఎండిపోయి మిగిలిన 12 వేలూ, నా 12 వేలూ ఒకటి కావు. రెండో కారణం యంత్రానిది. చాలా ల్యాబుల్లో యంత్రం పరిమాణాన్ని బట్టి కణాలను లెక్కిస్తుంది గనుక మరీ పెద్ద ప్లేట్‌లెట్‌ను ఎర్రకణంగా పొరబడి వదిలేస్తుంది. పైగా అంత తక్కువ అంకెల దగ్గర యంత్రాల కచ్చితత్వమే తక్కువ. 9 వేలు, 12 వేలు అనే తేడాకు డాక్టర్ దృష్టిలో విలువ లేదు. మేము ఇంట్లో మాత్రం ఆ మూడు వేల కోసం పొద్దుగాల ఒక ల్యాబు, సాయంత్రం ఇంకో ల్యాబు తిరగాలని వాదించుకున్నాం.

చికిత్సగా డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు రోజులు ఇచ్చారు, కడుపులో మంట రాకుండా మరో మాత్ర తోడు ఇచ్చారు. ఆ నాలుగు రాత్రులు నిద్ర లేదు, షుగర్ పెరిగింది, మనసు ఊరికే చిరచిరలాడింది. వారానికి అంకె 96 వేలకు లేచింది, కాళ్ల మీది చుక్కలు పసుపుబారి మాసిపోయాయి. తర్వాత కొన్ని వారాల్లో దిగుతూ వచ్చి 35 వేలు, 45 వేల మధ్య ఆగింది. ఇంట్లో మళ్లీ ఆందోళన మొదలైంది, ఎందుకంటే మాకందరికీ లక్ష దాటడమే నయం కావడం. డాక్టర్ గారు మందు ఇవ్వలేదు.

అమెరికన్ సొసైటీ ఆఫ్ హెమటాలజీ 2019లో ఇచ్చిన సూచనల్లో కొత్తగా ఐటీపీ తేలిన పెద్దవాళ్లకు గీత 30 వేల దగ్గర ఉన్నది. దాని కంటే తక్కువైతే లక్షణాలు లేకపోయినా స్టెరాయిడ్ మొదలుపెట్టడం మేలని, అంతకంటే ఎక్కువ ఉండి నెత్తురు కారడం లేకపోతే లేదా స్వల్పంగా ఉంటే కనిపెట్టి ఉండటమే మేలని వాళ్ల అభిప్రాయం. అదే పత్రం ఈ సూచనకు ఆధారాలు బలహీనమని కూడా ఒప్పుకుంటుంది. 30 వేల దగ్గర ఒంట్లో ఏదో తలుపు తెరుచుకోదు. 29 వేల మనిషికీ 31 వేల మనిషికీ తేడా లేదు. మందు వల్ల వచ్చే కీడు ఎక్కడ రక్తస్రావపు భయాన్ని మించిపోతుందో అంచనా వేసి నిపుణులు కలిసి గీసుకున్న గీత అది. జడ్చర్ల పెద్దాయన వంటివారికి దాన్ని పైకి జరుపుతారు. నా వంటి వారికి 30 వేల మీద ఉంటే చాలు. "నాకు కావలసింది మీకు నెత్తురు కారకపోవడం, మీ రిపోర్టు అందంగా ఉండటం కాదు" అన్నారామె. మొదట ఆ మాట నాకు కొంచెం కటువుగా తోచింది, స్టెరాయిడ్ రాత్రులు తలచుకున్నాక కటువుగా అనిపించలేదు.

అమ్మ మాత్రం "బొప్పాయాకు రసం తాగితే లేస్తయంట బిడ్డా, ఊరంతా తాగుతున్నరు" అని రోజూ గిన్నె పట్టుకొని వచ్చేది. డెంగీలో వాటంతట అవే లేచే ప్లేట్‌లెట్ల ఘనత ఆ రసానికి దక్కిందని నేననుకుంటాను. యాంటీబాడీలు నాశనం చేస్తున్న చోట అది ఏం చేయగలదో నాకు అర్థం కాదు. అమ్మతో వాదించకుండా, డాక్టర్ వద్దన్న వాటి జాబితా ఒకటి రాసి ఫ్రిజ్ మీద అంటించాను: ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, పిరుదుకు ఇచ్చే సూదులు. నొప్పికైనా జ్వరానికైనా పారాసెటమాల్ మాత్రమే. మా దిక్కు ఒళ్లు నొప్పులంటే ఆర్‌ఎంపీ ఇచ్చే మొదటి మందు డైక్లోఫెనాక్ సూదే గనుక ఈ జాబితాను ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ మందు ప్లేట్‌లెట్ల పనితనాన్ని తగ్గిస్తుంది, కండలో సూది గుచ్చిన చోట లోపల నెత్తురు నిండుతుంది.

గీతల సంగతి మళ్లీ పంటి నొప్పితో ముందుకు వచ్చింది. పైదవడలో పుచ్చిన దంతం తీయాలన్నప్పుడు నల్లగొండలో ఒక పండ్ల డాక్టరు నా 42 వేలు చూసి, లక్ష లేనిదే ముట్టుకోనన్నారు. ఆయన భయం అర్థం చేసుకోదగినదే. కాని హెమటాలజిస్ట్ గారు చీటీ రాసిచ్చారు. సులువుగా వచ్చే పన్ను తీయడానికి 30 వేలు, ఎముక కోసి తీయాల్సిన పంటికీ చిన్న ఆపరేషన్లకూ 50 వేలు, పెద్ద ఆపరేషన్లకు 80 వేలు చాలునని నిపుణుల ఒప్పందం. ఈ అంకెలు కూడా ప్రయోగాలు చేసి తేల్చినవి కావని, అనుభవం మీద కుదుర్చుకున్నవని ఆమే చెప్పారు. పైదవడ పన్ను గనుక చిగురులో పైపైన మత్తు సూది చాలు. కిందిదవడ చివరి పళ్లకైతే లోతుగా నరం దగ్గర సూది వేయాలి, అక్కడ నెత్తురు నిండితే నొక్కి ఆపే వీలుండదు. ఇంకో పండ్ల డాక్టరు పన్ను తీసి, గుంతలో కుట్టు వేసి, దూది ఒత్తి పట్టమన్నారు. ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రను నీళ్లలో కరిగించి నోట్లో పట్టి ఉంచి ఉమ్మేయమని, రెండు మూడు రోజులు అట్లా చేయమని చెప్పారు. కారిన నెత్తురు పన్ను తీస్తే అందరికీ కారేంతే.

కిందిదవడలో పక్కకు ఒరిగిన జ్ఞానదంతం ఇంకా ఉన్నది. దానికి ఎముక కోయాలి, లోతు సూది వేయాలి కాబట్టి 50 వేలు దాటించడానికి ముందు కొద్ది రోజులు మందు ఇచ్చి అప్పుడు తీయిస్తామన్నారు. నొప్పి లేనంతవరకు దాని జోలికి పోవద్దని నేనూ డాక్టర్ గారూ అనుకున్నాం.